అందరి ముందూ పిలవగలిగే ముద్దుపేరు

భార్యాభర్తల మధ్య ముద్దుపేరు అంటే గది తలుపు వేసుకున్నాక పిలుచుకునేదని చాలామంది అనుకుంటారు. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. నలుగురిలో పిలవలేని పేరు ఎక్కువ కాలం నిలవదు. మన ఇళ్లలో రోజంతా ఎవరో ఒకరు పక్కనే ఉంటారు. అత్తమామలు, పిల్లలు, సెలవులకు వచ్చిన ఆడపడుచు, పై వాటాలోంచి పాలతోడు కోసం దిగే పిన్నిగారు. వీళ్లందరి ముందు "ఏమండీ", "ఇదిగో" అనుకుంటూ గడిపి, ముద్దుపేరును రాత్రి పదింటికని దాచిపెట్టుకుంటే, అప్పటికి ఇద్దరూ అలసిపోయి ఉంటారు. ఆ మాట నోటికి అలవాటే కాదు. అలవాటు కాని మాట ఎప్పుడు పలికినా నటన లాగే వినిపిస్తుంది. ముద్దుపేర్లు ఎబ్బెట్టుగా ఉంటాయని చాలామంది అనడానికి అసలు కారణం ఇదేనని నాకనిపిస్తుంది. మాటలో తీపి ఎక్కువై కాదు, వాడకం లేక.

కాబట్టి కావలసింది రహస్యంగా ఉంచుకునే పేరు కాదు. అందరికీ వినిపించాలి, ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు, అయినా ఇద్దరికే చెందాలి. వినడానికి ఇది కుదరని కోరికలా ఉంటుంది గానీ, తెలుగిళ్లలో బాగానే కుదురుతుంది. మనం బంధువుల్ని పిలిచే పద్ధతిలోనే అందుకు వీలుంది.

ముందు మనకున్న పిలుపుల సంగతి చూద్దాం. భర్త పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మన అమ్మమ్మలు నమ్మేవాళ్లు. అందుకే కొత్త పెళ్లికూతురు అత్తవారింట్లో అడుగుపెట్టేటప్పుడు ఆడపడుచులు గడపకు అడ్డం నిలబడి "పేరు చెప్తేనే లోపలికి" అని పట్టుబట్టడం అంత సరదాగా ఉండేది. ఆ ఒక్కరోజు పలికిన పేరు మళ్లీ జీవితంలో పలకని ఆడవాళ్లు ఎంతోమంది. రేషన్ కార్డు రాయించుకునేటప్పుడు కూడా పక్కనున్న పిల్లాడి చేత చెప్పించేవాళ్లు. మిగతా రోజుల్లో "ఏమండీ", "మా ఆయన", "మా ఇంటాయన", పిల్లలు పుట్టాక "పెద్దాడి నాన్న". మగవాళ్ల వైపు నుంచి "ఏమే", "ఒసేయ్", కాస్త నెమ్మదస్తులైతే "ఇదిగో", "ఏమోయ్". మేనరికాల్లో చిన్నప్పటి నుంచి ఉన్న "బావా" పెళ్లయ్యాక కూడా కొనసాగేది. అక్క కూతుర్ని చేసుకునే అలవాటున్న చోట "మామా" అనేవాళ్లు.

వీటిని నేను తక్కువ చేయను. "ఏమండీ" చాలా గొప్ప పిలుపు. పేరు లేదు, వరస లేదు, అయినా గౌరవం ఉంది, చనువూ ఉంది. కానీ అదే మాటతో కూరగాయల బండి ఆయన్నీ పిలుస్తాం, బస్సులో పక్క సీటావిణ్ణీ పిలుస్తాం. "బావా" అంటే ఏ ఇంట్లోనూ ఎవరూ నొచ్చుకోరు. కానీ పండక్కి అక్కచెల్లెళ్లందరూ కలిసినప్పుడు ఒక్క "బావా" పిలుపుకి ముగ్గురు మగవాళ్లు తల తిప్పుతారు. ఇవన్నీ స్థానాన్ని చెప్పే పిలుపులు. ఆ స్థానంలో ఉన్న మనిషి ఎవరో చెప్పవు. మనిషిని పిలవాలనే కోరిక ఇప్పటి దంపతులకి ఉంటే అది న్యాయమైనదే.

ఆ కోరికతో మనవాళ్లు చేసే మొదటి పని బుజ్జీ, చిన్నీ, కన్నా, పండూ, బంగారం లాంటి మాటల్ని తెచ్చుకోవడం. ఇక్కడే చిక్కు మొదలవుతుంది. ఇవన్నీ పిల్లల మాటలు. తెలుగులో ముద్దు మాటలన్నీ ఇంచుమించు తల్లి ఒడిలో పుట్టినవే. "కన్నా" అని భర్తను పిలిచే కోడలు, ఆ ఇంట్లో ఆ మాటను పాతికేళ్లకు పైగా వాడుతున్న ఇంకొకరి ఎదురుగా పిలుస్తోంది. ఆ ఇంకొకరు ఆయన తల్లి. కొడుకుని అన్నం తినమని బతిమాలడానికి, జ్వరం వస్తే నుదురు తడమడానికి ఆవిడ వాడిన మాట అది. కోడలి నోట అదే వింటే ఆవిడ మొహం మారడాన్ని కుళ్లు అనేస్తారు. నేనలా అనను. తన మాట ఇంకొకరు తీసుకున్నట్టు అనిపించడంలో తప్పేం లేదు.

ఇంకో ఇబ్బంది, ఈ పేర్లు ఇంట్లో అప్పటికే ఖాళీగా లేకపోవడం. మన ఇళ్లలో పిల్లలకు తాతల పేర్లు పెడతారు, కానీ మామగారి పేరు పెట్టి పిల్లాణ్ణి తిట్టడం కుదరదు కనుక కోడలు వాణ్ణి నానీ అనో, బాబీ అనో, పండూ అనో పిలుస్తుంది. అలా ప్రతి ఇంట్లో ఒక బుజ్జి, ఒక చిన్ని, ఒక నాని, ఒక పండు తప్పనిసరిగా ఉంటారు. వాళ్లలో కొందరికి ఇప్పుడు యాభై దాటి ఉంటుంది. మీరు మీ ఆవిణ్ణి "బుజ్జీ" అని పిలిచిన మరుక్షణం పెరట్లోంచి మీ మేనమామ "ఆ, వస్తున్నా" అంటాడు.

ఇంగ్లిష్ మాటల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బేబీ, హనీ, డార్లింగ్ అనేవి పెద్దవాళ్లకి అర్థం కాని భాషలో ఉన్నాయి కాబట్టి ఫర్వాలేదనుకునే రోజులు పోయాయి. వాళ్లకి బాగానే అర్థమవుతాయి.

మాట పెదవి దాటకపోయినా బయటపడే చోట్లు ఇప్పుడు ఎక్కువయ్యాయి. నా స్నేహితురాలి భర్త ఒకసారి ఖమ్మంలో పెళ్లి చూసుకుని అమ్మానాన్నలతో కారులో తిరిగి వస్తున్నారు. ఫోన్ కారు స్పీకరుకి కలిపి ఉంది. ఈమె ఇంటి నుంచి ఫోన్ చేసింది. ముందున్న తెర మీద పెద్ద అక్షరాలతో "బంగారుకొండ" అని వచ్చింది. వెనక సీట్లో మామగారు కిటికీ వైపు తిరిగిపోయారు. అత్తగారు "ఎవర్రా?" అని అడిగారు. ఆయన కోడలి పేరు చెప్పారు. అంతే, ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత వారం రోజులు నా స్నేహితురాలు మామగారి ఎదురుగా కాఫీ పెట్టలేకపోయింది. వాళ్లిద్దరూ ఏ తప్పూ చేయలేదు. పెద్దవాళ్లూ ఏమీ అనలేదు. ఆ మాట అక్కడ వినిపించడానికి తయారుచేసింది కాదు, అంతే.

ఇక మా ఇంటి సంగతి. మా ఆయన నన్ను ఏమని పిలుస్తారో చెబుతాను. నేను ఆయన్ని ఏమని పిలుస్తానో మాత్రం రాయను. పిలుపు ఎవరిదో వాళ్లదే. నన్ను పిలిచే పేరు నాది కాబట్టి బయట చెప్పే హక్కు నాకుంది, ఆయనది ఆయన ఇష్టం.

నా పుట్టిల్లు రేపల్లె. అత్తవారిది మిర్యాలగూడ. నిశ్చితార్థం అయ్యాక మేం ఫోన్లో మాట్లాడుకునే రోజుల్లో ఆయన నా నంబరును "రేపల్లె" అని సేవ్ చేసుకున్నారు. మా అత్తమ్మకి కొడుకు ఫోన్ మోగితే ఎత్తి "వాడు స్నానం చేస్తుండు" అని చెప్పే అలవాటుంది. తెర మీద అమ్మాయి పేరు కనపడితే ఆవిడ ఎత్తుతుంది, నాతో మాట్లాడాలి కాబట్టి. రేపల్లె అని కనపడితే ఎవరో ఆఫీసువాళ్లనుకుని వదిలేసేది. అలా అవసరానికి పెట్టుకున్న పేరు. పెళ్లయ్యాక ఒకరోజు వంటింట్లో ఉన్న నన్ను హాల్లోంచి "రేపల్లే" అని పిలిచారు. ఫోన్లో రాసుకున్నది నోటికొచ్చేసింది.

అత్తమ్మ అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "ఏందిరా, పిల్లని ఊరి పేరు పెట్టి పిలుస్తున్నవ్?" అంది.

"మనం కోదాడ చిన్నమ్మ అంటలేమా అమ్మా? హాలియా మామ అంటలేమా?"

ఆవిడ ఒక్క క్షణం ఆగి, "అంటం" అంది. మళ్లీ చిక్కుడుకాయల్లో పడింది. అంతటితో ఆ చర్చ ముగిసింది.

ఇందులో ఉన్న కిటుకు నాకు చాలా తర్వాత అర్థమైంది. ఊరి పేరుతో మనిషిని చెప్పడం తెలుగిళ్లలో అందరూ చేసేదే. నలుగురు పిన్నులుంటే బందరు పిన్ని, గుంటూరు పిన్ని అని ఊళ్లతోనే విడదీస్తాం. అందుకని ఊరి పేరు వినపడితే పెద్దవాళ్ల చెవికి కొత్తగా ఉండదు. అందులో గారాబం వినపడదు, సిగ్గు వినపడదు. అదే సమయంలో, బంధువులు ఆ మాటను వాడేటప్పుడు దాని వెనక తప్పకుండా ఒక వరస తగిలిస్తారు. మా బావగారి పిల్లలు నన్ను "రేపల్లె చిన్నమ్మ" అంటారు. మా వదిన పిల్లలు "రేపల్లె అత్త" అంటారు. తోడికోడళ్ల పుట్టింటివాళ్లు "రేపల్లె కోడలు" అంటారు. మా పెళ్లయిన కొద్ది రోజులకే ఆ మాట ఇల్లంతా పాకిపోయింది. ఆశ్చర్యం ఏమిటంటే, అంతమంది వాడుతున్నా అది నా దగ్గర పలచబడలేదు. ఎందుకంటే వరస లేకుండా ఒట్టి "రేపల్లే" అని పిలిచేది ఆయన ఒక్కరే. మిగతావాళ్లకి అలా పిలవాలని తోచదు కూడా. మన ఇళ్లలో బంధువుని ఊరి పేరుతో పిలిస్తే వరస కలపకుండా పిలవరు.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. బంధువుల మధ్య నిలిచే ముద్దుపేరు కావాలంటే, బంధువులు వరస కలిపి వాడుకోగలిగిన మాటను ఎంచుకుని, వరస లేని రూపాన్ని మీరిద్దరూ ఉంచుకోండి. అప్పుడు దాన్ని దాచక్కర్లేదు. ఎవరైనా పట్టుకుంటారనే టెన్షన్ ఉండదు. పట్టుకున్నా వాళ్లు పట్టుకునేది వేరే రూపం. కంగారు పెట్టే పేరుకీ, ఇలాంటి పేరుకీ తేడా వెంటనే తెలిసిపోతుంది. ఇంట్లో చిన్నపిల్లలు ఆ పేరును ఎగతాళిగా తిప్పి పలికితే మొదటిది చచ్చిపోతుంది, రెండోది బతుకుతుంది.

ఒక చిన్న నియమం మాత్రం మా ఆయన మొదటి నుంచీ పాటించారు. నన్ను పిలవడానికే ఆ మాట, నా గురించి చెప్పడానికి కాదు. "రేపల్లే, తాళం ఎక్కడుంది?" అంటారు. అంతేగానీ "తాళం రేపల్లె దగ్గరుంది" అనరు. అప్పుడు నా పేరు చెబుతారు, లేదా మా ఆవిడ అంటారు. ఇది చూడ్డానికి చిన్న విషయమే. కానీ ముద్దుపేర్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఒకరి గురించి మూడో మనిషికి ఆ పేరుతో చెప్పడం మొదలుపెడితే, ఆ మూడో మనిషి కూడా వరస లేకుండా ఆ పేరుతోనే ఆవిడ గురించి మాట్లాడటం మొదలుపెడతాడు. ఆఫీసు స్నేహితులైతే మరీను. రెండు భోజనాలయ్యేసరికి అది అందరి పేరు అయిపోతుంది. పిలుపుగా మాత్రమే ఉంచితే అది ఎదురుగా ఉన్న మనిషికే చేరుతుంది.

పలకడానికి అనువుగా ఉండడం కూడా ముఖ్యం. తెలుగులో పిలిచేటప్పుడు చివరి అచ్చును సాగదీస్తాం. లక్ష్మి లక్ష్మీ అవుతుంది, రాజు రాజూ అవుతుంది, రేపల్లె రేపల్లే అవుతుంది. అచ్చుతో ముగిసి, రెండు మూడు అక్షరాల్లో తేలిపోయే మాటైతే కింది వాటా నుంచి డాబా మీదికి కూడా వినిపిస్తుంది. అలా కేక వేసి పిలవలేని పేరు చివరికి ఫోన్లో మెసేజీలకే మిగిలిపోతుంది.

భర్తను పిలిచే పేరు దగ్గర ఇంకో మెలిక ఉంది, అది భార్యను పిలిచే దగ్గర లేదు. ఈనాటి ఆడవాళ్లలో చాలామంది ఇద్దరే ఉన్నప్పుడు భర్తను నువ్వు అంటారు, పెద్దవాళ్ల ముందు మీరు అంటారు. ఇది మంచో చెడో నేనిప్పుడు తేల్చను, కానీ ఉన్న సంగతి ఇది. కాబట్టి ఎంచుకునే పేరు నువ్వుతోనూ ఇమడాలి, మీరుతోనూ ఇమడాలి. పేరు పెట్టేముందు రెండు వాక్యాలు బయటికి అనుకుని చూడండి: ఆ పేరు పెట్టి "తిన్నావా?" అనాలి, అదే పేరు పెట్టి "తిన్నారా?" అనాలి. "మాస్టారూ, తిన్నావా?" అంటే చనువుగా ఉంది. "మాస్టారూ, తిన్నారా?" అంటే గౌరవంగా ఉంది. రెండూ సహజంగానే ఉన్నాయి. "బేబీ, తిన్నారా?" అని చూడండి. నిలబడదు. "కన్నా, తిన్నారా?" అసలే నిలబడదు. నిలబడని పేరు పెట్టుకున్నవాళ్లు పెద్దవాళ్లు రాగానే ఆ పేరు మానేసి ఏమండీలోకి దూకాల్సి వస్తుంది. రోజుకి పదిసార్లు అలా దూకడం ఎవరికైనా విసుగే, కొన్నాళ్లకి ఏమండీ మాత్రమే మిగులుతుంది.

పేరు చివర గా, రా చేరే ప్రమాదం కూడా చూసుకోవాలి. "ఏంట్రా" అని భార్యాభర్తలు ఒకరినొకరు అనుకోవడం ఇప్పుడు హైదరాబాదులో మామూలే, అందులో స్నేహం ఉంది, నాకు నచ్చుతుంది. కానీ నోరు అలవాటును బట్టి పోతుంది. కత్తిరించిన పేర్లకి, అంటే నాగేశ్వరరావుని నాగీ, వెంకటేశ్వర్లుని వెంకీ అన్నప్పుడు, వెనకే రా వచ్చి కూర్చుంటుంది. మామగారి ముందు "వెంకీ, ఇటు రారా" అని నోరు జారితే ఆ తర్వాత జరిగే గొడవ ముద్దుపేరు గురించి కాదు, పెంపకం గురించి.

మగవాళ్లకి పేరు వెతకడానికి నాకు బాగా నచ్చిన చోటు వాళ్ల సొంత పేరే. మన మగవాళ్ల పేర్లు పొడవుగా ఉంటాయి కదా. మూడు ముక్కలుంటే లోకం ఒక్క ముక్కనే వాడుతుంది. మిగతా రెండూ బడి సర్టిఫికెట్లోనూ శుభలేఖలోనూ తప్ప ఎక్కడా కనపడవు. ఆ వాడని ముక్క ఆయనదే, కానీ ఎవరూ దాంతో పిలవరు. ఇంతకంటే అనువైన పేరు ఎక్కడ దొరుకుతుంది?

నా ఇంకో స్నేహితురాలిది కాకినాడ దగ్గర. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. భర్త పూర్తి పేరు వీర వెంకట సత్యనారాయణ మూర్తి. ఆ ప్రాంతంలో అన్నవరం స్వామి పేరు పెట్టుకోని ఇల్లు అరుదు. ఇంటా బయటా అందరికీ ఆయన మూర్తి. పెళ్లికి ముందు శుభలేఖ అచ్చయి వచ్చినప్పుడే ఆమె ఆ పేరు మొత్తంగా చూసింది. ఆ రాత్రి ఫోన్లో "ఇందులో మిగతావాళ్లందరూ ఎవరు?" అని అడిగిందట. "ఎవరో నాకూ తెలీదు, ఎవరూ పిలవరు" అన్నాడట ఆయన. అయితే నేను పిలుస్తాను అంది.

పెళ్లయ్యాక మొదట సత్యం అని పిలిచింది. వినడానికి బాగుంది, మీరుతోనూ కుదిరింది. కానీ అత్తగారు ఆ పిలుపు వినపడగానే చేస్తున్న పని ఆపేసేవారు. నెల్లాళ్లు ఎవరూ కారణం చెప్పలేదు. చివరికి ఆడపడుచు చెప్పింది. ఆ సత్యనారాయణ అనే ముక్క తాతగారిది. అంటే అత్తగారికి మామగారు. ఆవిడ తన కాపురంలో ఒక్కసారి కూడా నోట పలకని పేరు. కొడుక్కి ఆ పేరు పెట్టి, మూర్తి అని పిలుచుకుంటూ జాగ్రత్త పడ్డారు. ఇప్పుడు కోడలు వంటింట్లోంచి రోజుకి ఇరవైసార్లు ఆ పేరే కేకేస్తోంది. ఆవిడ కోపగించుకోలేదు, కానీ ప్రతిసారీ ఆవిడకి మామగారే గుర్తొస్తున్నారు.

మా స్నేహితురాలు అప్పుడు మిగిలిన ముక్కల గురించి అత్తగారినే అడిగింది. వెంకట తిరుపతి మొక్కు వల్ల వచ్చింది, కానీ ఆ ఇంట్లో చినమామగారు వెంకట్రావు, ఆయనా అక్కడే ఉంటారు. వీర మాత్రం అచ్చంగా అన్నవరం స్వామిది. ఇంట్లో ఎవరికీ లేదు. ఆమె వీరా అని పిలవడం మొదలుపెట్టింది. వరస కలిపితే వీర బావ, వీర మావయ్య అవుతుంది. కోపంగా ఉన్నప్పుడు "వీర గారూ" అంటుంది. నువ్వుకీ మీరుకీ సరిపోయింది. అత్తగారికి అందులో దేవుడి పేరు వినిపించింది. కొడుకుని నారాయణా అని పిలిచి తరించిన అజామిళుడి కథ ఆవిడకి కంఠతా వచ్చు. "పిలవనీ, పుణ్యమే కదా" అన్నారట. ఆ ఇంట్లో ఆ పేరుకి ఇంతకంటే గట్టి అనుమతి అక్కర్లేదు.

దీన్నిబట్టి ఒక్కటి చెప్పగలను. పేరులో వాడని ముక్కను తీసుకునేముందు అది ఎవరి నుంచి వచ్చిందో కనుక్కోవాలి. పెళ్లయిన కొత్తలో అత్తగారితో మాట్లాడటానికి ఇది మంచి విషయం కూడా. ఆయన పేరు వెనక ఏ తాత ఉన్నాడో, ఏ మొక్కు ఉందో ఆవిడకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అడిగితే చెప్పడానికి ఇష్టపడతారు, చెప్పాక ఆ పిలుపులో ఆవిడకీ కొంత పాలు ఉంటుంది.

ఉద్యోగం నుంచి వచ్చే పేర్లు కూడా బాగానే నిలుస్తాయి. మాస్టారూ, డాక్టరు గారూ, పంతులుగారూ లాంటివి. అవి ముందే గౌరవంతో పుట్టినవి. కాకపోతే నిజంగానే ఆ ఉద్యోగం చేస్తున్న మనిషికి అది ముద్దుపేరు కాదు, ఊరంతా అలాగే పిలుస్తుంది. లెక్కలు రాని భర్త పాపకి లెక్కలు నేర్పించాల్సి వచ్చినప్పుడు పుట్టిన "మాస్టారూ" అయితే ముద్దుపేరు. బయటివాళ్లకి అది మామూలు గౌరవం, ఇద్దరికీ ఆ సాయంత్రం.

మనిషి లోపం మీద పుట్టిన పేర్లు మాత్రం వద్దే వద్దు. లావు, పొట్టి, నలుపు, మతిమరుపు. ఇద్దరి మధ్య ఉన్నప్పుడు అందులో ప్రేమే ఉండొచ్చు. కానీ పైన చెప్పిన పరీక్ష పెట్టి చూడండి. ఆ మాటకి బంధువులు వరస కలిపితే ఏమవుతుంది? "పొట్టి వదిన" అవుతుంది. మీరు గారాబంగా పిలిచిన మాటతో మీ తమ్ముళ్లూ మరదళ్లూ జీవితాంతం ఆమెను వెక్కిరిస్తారు, మొదలుపెట్టింది మీరే కాబట్టి ఆమె ఎవరినీ ఏమీ అనలేకపోతుంది. ముద్దుపేరు వల్ల ఒక మనిషికి జరగగలిగిన పెద్ద అన్యాయం ఇదేనని నేను నమ్ముతాను. ఆమె మొహమాటానికి నవ్వుతూ ఉండొచ్చు. ఆ నవ్వును ఒప్పుకోలు అనుకోకండి. పిలిచినప్పుడు ముందు తల తిప్పి, ఆ తర్వాత చుట్టూ ఎవరెవరున్నారో చూస్తోందంటే ఆ పేరు ఆమెకు నచ్చడం లేదు.

ఇదంతా ఎందుకు, ఇప్పటి వాళ్లు హాయిగా పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారుగా అని నా చెల్లెలే అంటుంది. పేరు పెట్టి పిలుచుకోవడం మంచిదే, ఎన్నో తరాల ఆడవాళ్లకి లేని హక్కు అది. కానీ నా పేరుతో నన్ను బ్యాంకువాళ్లూ పిలుస్తారు, కొరియర్ అబ్బాయీ పిలుస్తాడు. ఆ పేరు నాకు మా నాన్న పెట్టారు. నన్ను ఎంచుకున్న మనిషి నాకు ఒక పేరు పెట్టడం వేరే సంగతి. రెండూ ఉండొచ్చు.

కొన్ని ఇళ్లలో ఇవేవీ కుదరవని కూడా నాకు తెలుసు. పెద్దవాళ్ల ముందు భార్యాభర్తలు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవడమే తప్పనుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అక్కడ ఏ పేరైనా ఎక్కువే. అలాంటి చోట పోట్లాడి పేరు నిలబెట్టుకోవడం కంటే, పెద్దవాళ్లు కూడా వాడే మాటనే తీసుకుని గొంతులో తేడా చూపించడం మేలు. మా పెద్దమ్మ, పెదనాన్న అలాగే బతికారు. ఆయన పిలిచిన "ఇదిగో" ఇంట్లో ఎవరు పిలిచిన "ఇదిగో" కంటే వేరని మాకు చిన్నప్పుడే తెలుసు.

మా ఇంట్లో వరస లేకుండా పిలిచే హక్కు గురించి ఇటీవల ఒక పేచీ వచ్చింది. మా పాపకి మాటలు బాగా వచ్చాక, నాన్న పిలుస్తున్నట్టే తనూ నన్ను "రేపల్లే" అనడం మొదలుపెట్టింది. ఇంట్లో అందరూ మురిసిపోయారు, అత్తమ్మ అయితే మళ్లీ అనమని అడిగి మరీ అనిపించుకుంది. మా ఆయన మాత్రం పాపని పక్కన కూర్చోబెట్టుకుని, "అది నేను పిలిచేది. నీకు అమ్మా అని ఉంది కదా. అమ్మా అని నేను పిలవొచ్చా?" అని అడిగారు. అది కాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపింది. ఇప్పుడు చాక్లెట్ కావాల్సి వచ్చినప్పుడల్లా వచ్చి "రేపల్లె అమ్మా" అంటోంది. దానికి ఆయన అభ్యంతరం చెప్పలేదు.